బడి అయ్యాక ఏడాది ఆగితే

"ఒకసారి చదువు ఆపితే మళ్లీ పుస్తకం పట్టరు" అని పెద్దల భయం. "ఒక ఏడాది బయట ఉండొస్తే ఏం చదవాలో తెలుస్తుంది" అని పిల్లల వాదన. గ్యాప్ ఇయర్ గురించి ఇంట్లో జరిగే చర్చ చాలావరకు ఈ రెండు మాటల మధ్యే నడుస్తుంది. పరిశోధనలు తిరగేస్తే రెండు వైపులా ఆధారాలు దొరుకుతాయి. కాకపోతే అవి ఒకే రకం పిల్లల గురించి చెప్పినవి కావు.

ముందు మార్కుల సంగతి. ఎలిసా బర్చ్, పాల్ మిల్లర్ అనే ఆర్థికవేత్తలు ఆస్ట్రేలియాలో ఒక విశ్వవిద్యాలయ విద్యార్థుల ఫలితాలను పరిశీలించి 2007లో ఒక పత్రం ప్రచురించారు. ఏడాది ఆగి చేరినవాళ్లకు కాస్త మెరుగైన మార్కులు వచ్చాయి, ఆ లాభం అబ్బాయిల్లో ఎక్కువగా కనిపించింది. అమెరికాలోని మిడిల్‌బరీ కాలేజీలో ప్రవేశాల విభాగానికి డీన్‌గా పనిచేసిన రాబర్ట్ క్లాగెట్ కూడా ఇలాంటిదే గమనించారు: గ్యాప్ తీసుకున్నవాళ్లు ప్రవేశం నాటి అంచనాను దాటి రాణించారు. హార్వర్డ్ అయితే సీటు ఇచ్చిన విద్యార్థులకు, కావాలంటే ఒక ఏడాది ఆగి రమ్మని ఎప్పటినుంచో చెబుతోంది.

ఇక్కడితో ఆగిపోతే గ్యాప్ ఇయర్ చాలా మంచిదనిపిస్తుంది. కానీ మిడిల్‌బరీలోనో హార్వర్డ్‌లోనో సీటు వచ్చిన పిల్లవాడు అప్పటికే బాగా చదివేవాడు. తిరిగొచ్చేసరికి సీటు అలాగే ఉంటుంది కాబట్టి ఆ ఏడాదంతా అతనికి టెన్షన్ ఉండదు. అదే అమెరికాలో, బడి అయ్యాక ఏ కారణంగానైనా ఆలస్యంగా కాలేజీలో చేరినవాళ్లందరినీ లెక్కలోకి తీసుకుంటే కథ తిరగబడుతుంది. వెంటనే చేరినవాళ్లతో పోలిస్తే వీళ్లలో డిగ్రీ పూర్తి చేసేవాళ్లు తక్కువ. వీళ్లలో చాలామంది ఇష్టపడి ఆగలేదు. డబ్బు చాలకో, మార్కులు రాకో, ఇల్లు నడపాల్సి వచ్చో ఆగారు. అంటే ఫలితాల తేడాలో ఆ ఏడాది తెచ్చినది కొంతే. ఆగడానికి కారణమేమిటన్నది అంతకంటే ఎక్కువ తేడా తెస్తుందని నా అభిప్రాయం.

పరిణతి గురించి చెప్పడం ఇంకా కష్టం, దాన్ని కొలిచే పరీక్ష లేదు. ఆస్ట్రేలియాకే చెందిన ఆండ్రూ మార్టిన్ 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక ఆసక్తికరమైన విషయం ఉంది. బడిలో చదువు మీద ఆసక్తి తగ్గినవాళ్లే గ్యాప్ ఇయర్ వైపు ఎక్కువగా మొగ్గారు. విశ్వవిద్యాలయంలో చూస్తే, గ్యాప్ తీసుకుని వచ్చినవాళ్లలో ఆసక్తి మెరుగ్గా ఉంది. ఏళ్ల తరబడి పరీక్షల కోసమే బతికి అలసిపోయినవాళ్లకు విరామం పనిచేస్తుందని దీన్నిబట్టి అనుకోవచ్చు. అలాగని మారిన మనిషిని చూసి ఆ ఘనతంతా ప్రయాణానికే కట్టబెట్టలేం. పద్దెనిమిదేళ్లవాడికి పంతొమ్మిది వచ్చాయి, ఇంట్లో కూర్చున్నా కొంత మారేవాడే. నన్నడిగితే ఊళ్లు తిరగడం కన్నా జీతానికి చేసే పనే ఎక్కువ నేర్పుతుంది. ఆలస్యంగా వస్తే ఊరుకోని పై అధికారి, నెలాఖరు దాకా సర్దుకోవాల్సిన సొంత డబ్బు, నచ్చని పనిని కూడా పూర్తి చేయడం, ఇవి ఫొటోల్లో పడవు గానీ కాలేజీలో అక్కరకొస్తాయి. డాక్టర్ కావాలనుకునే అమ్మాయి కొన్ని నెలలు ఆసుపత్రిలో చిన్న పనేదైనా చేస్తే, ఆ వృత్తి తనకు సరిపడుతుందో లేదో ముందే తెలుస్తుంది. కోర్సు మధ్యలో మారితే పోయే ఏడాది అలా మిగలవచ్చు.

ఖర్చు అనగానే టికెట్లు, బస గుర్తొస్తాయి. అసలు ఖర్చు కంటికి కనిపించదు. ఏడాది ఆలస్యంగా ఉద్యోగంలో చేరితే అనుభవం, జీతం పెరిగే క్రమం, రెండూ ఏడాది వెనకబడతాయి. స్వీడన్‌లో ఉన్నత చదువును రెండేళ్లు వాయిదా వేసినవాళ్ల సంపాదనను పరిశీలించిన ఆర్థికవేత్తలకు, ఆ లోటు చాలా ఏళ్ల తర్వాత కూడా కనిపించింది. ఆగినన్నాళ్లూ సంపాదించినది అందులో కొంత పూడుస్తుంది, అంతే. సేవ పేరుతో విద్యార్థుల దగ్గరే భారీ రుసుము తీసుకునే కార్యక్రమాల్లో చేరితే అదీ ఉండదు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం 2009లో మొదలుపెట్టిన బ్రిడ్జ్ ఇయర్ అనే సేవా కార్యక్రమం లాంటివి అరుదు, అందులో ట్యూషన్ ఫీజు ఉండదు.

ఫీజులు పెరిగే కాలంలో ఆగడమే నష్టం కావచ్చు. ఇంగ్లండ్‌లో 2012 నుంచి ఏటా 9,000 పౌండ్ల దాకా ఫీజు వసూలు చేసుకోవచ్చని తేలగానే, అంతకుముందు ఏడాది సీటు వాయిదా వేసుకునేవాళ్లు బాగా తగ్గిపోయారు. డెన్మార్క్ ప్రభుత్వమైతే కొన్నేళ్లపాటు, బడి అయిన రెండేళ్లలోపు దరఖాస్తు చేసినవాళ్ల సగటు మార్కులను 1.08తో గుణించి మరీ తొందరపెట్టింది. తర్వాత ఆ పద్ధతిని ఎత్తేసింది.

కాబట్టి ఆగాలనుకునేవాళ్లు బడి చివరి ఏడాదిలోనే దరఖాస్తు చేసి, సీటు సంపాదించి, దాన్ని వాయిదా వేయించుకుని వెళ్లడం మేలు. ఆ అనుమతి కాగితం మీద ఉండాలి. స్కాలర్‌షిప్ కూడా వచ్చే ఏటికి మారుతుందా అన్నది విడిగా అడగాలి, చాలాచోట్ల సీటు నిలిచినా అది నిలవదు. గణితం మీద ఆధారపడే కోర్సయితే, చేరబోయే ముందు రెండు మూడు నెలలు పాత లెక్కలు మళ్లీ చేసుకోవాల్సిందే.