బాబాయ్ షాపుకి గూగుల్ యాడ్: రోజుకి 55 రూపాయలు

బాబాయ్, నీ మిక్సీ, కూలర్ రిపేర్ షాపు గూగుల్ యాడ్‌కి నెలకి రెండు వేలు దాటితే నా వల్ల కాదురా అన్నావు కదా, ఆ రెండు వేలల్లోనే సర్దేలా లెక్క కట్టాను, నిదానంగా చదువు, తమ్ముడికి కూడా చూపించు ఎందుకంటే ఫోన్‌లో నొక్కేది వాడే.

రెండు వేలని 30తో భాగించి రోజుకి 66 అని పెట్టేయకు. ముందు జీఎస్టీ 18 శాతం ఉంది, నువ్వు 2000 వేస్తే యాడ్స్‌కి మిగిలేది 1694 రూపాయలే. ఇంకోటి, గూగుల్ వాడు నెలంటే 30 కాదు 30.4 రోజులు లెక్కేస్తాడు. 1694ని 30.4తో భాగిస్తే 55 రూపాయల చిల్లర వస్తుంది, ఆ చిల్లర వదిలేసి `Budget` దగ్గర 55 కొట్టమను. అప్పుడు నెలకి 1672, ట్యాక్స్‌తో కలిపి 1973. అదే 66 పెట్టావనుకో, ట్యాక్స్‌తో దాదాపు 2370 అవుద్ది, లేదా 25, 26 తారీకులకే డబ్బులైపోయి నెలాఖరు మొత్తం యాడ్ ఆగిపోద్ది.

ఒక్కోరోజు 100, 110 కూడా అయిపోయిందని చూపిస్తది, కంగారు పడి ఆపేయకు. గిరాకీ ఎక్కువున్న రోజు రెండింతల దాకా తీసుకుంటాడు, లేని రోజు తగ్గిస్తాడు, నెల మొత్తం మీద మాత్రం 1672 దాటనివ్వడు. కావాల్సిందల్లా మధ్యలో నువ్వు బడ్జెట్ మార్చకుండా ఉండటం, మారిస్తే అప్పటిదాకా అయిన ఖర్చుకి మిగిలిన రోజులు కొత్త రేటుతో కలిపి లెక్క మళ్ళీ మొదలెడతాడు. ఆటో పేమెంట్ వద్దు, మాన్యువల్‌గా యూపీఐతో నువ్వే వెయ్యి, బ్యాలెన్స్ అయిపోతే యాడ్ ఆగుద్ది, కార్డు జోలికి ఎవడూ రాడు.

ఇప్పుడు ఈ 55 ఎటుపోవాలో చూద్దాం. మిక్సీ రిపేర్ లాంటి మాటలకి ఒక్కో క్లిక్ 10, 11 రూపాయలు పడుద్ది అనుకుంటున్నా, అంటే రోజుకి ఐదుగురు. ఐదుగురే కాబట్టి ఒక్కడు కూడా వేస్ట్ కాకూడదు. అందుకే రెండు మూడు క్యాంపెయిన్లు వద్దు, ఒక్కటే, సెర్చ్ క్యాంపెయిన్, అంటే గూగుల్‌లో వెతికినోళ్ళకే కనపడే యాడ్. వేరే సైట్లలో కూడా యాడ్ చూపించే డిస్‌ప్లే, సెర్చ్ పార్టనర్స్ టిక్కులు తీసేయాలి. `Maximize clicks` పెట్టి ఒక్క క్లిక్‌కి 12 మించకుండా లిమిట్ ఇవ్వాలి. లొకేషన్ షాపు చుట్టూ 7 కిలోమీటర్లు చాలు, ఖమ్మం టౌన్ మొత్తం వచ్చేస్తది, మిక్సీ పట్టుకుని అంతకంటే దూరం నుంచి ఎవరొస్తారు చెప్పు. అక్కడే `Presence` అనే ఆప్షన్ ఎంచుకోమను, వాడు మామూలుగా పెట్టి ఇచ్చేదాంట్లో ఖమ్మంలో లేనోళ్ళకి కూడా యాడ్ చూపిస్తాడు, మన డబ్బులు ఎక్కువ పోయేది అక్కడే. జనం ఏం వెతికితే మన యాడ్ రావాలో ఆ మాటలు ఇవి చాలు:

```
"mixie repair"
"grinder repair khammam"
"మిక్సీ రిపేర్"
"cooler repair near me"
```

ఏ మాటలుంటే యాడ్ రాకూడదో చెప్పే నెగెటివ్ కీవర్డ్స్‌లో `job`, `course`, `how to`, `online` వేయాలి. టైమ్ పొద్దున 10 నుంచి రాత్రి 8, ఆదివారం మధ్యాహ్నం దాకే, షట్టర్ దించాక వచ్చే ఫోన్‌కి డబ్బులు కట్టడం దండగ. పైన `Recommendations` అని బడ్జెట్ పెంచమని రోజూ అడుగుతుంటాడు, `Apply` మాత్రం నొక్కొద్దు.

గిట్టుబాటు సంగతి. ఒక్క మిక్సీకి నీకు అన్నీ పోను 150 మిగులుద్ది అన్నావు, అంటే ఈ 1973 తిరిగి రావాలంటే నెలకి 14 రిపేర్లు గూగుల్ నుంచి రావాలి. నెలకి 150 క్లిక్కులొస్తే అందులో 14 కష్టమేం కాదనిపిస్తుంది, కానీ నమ్మకం మీద నడపొద్దు. వచ్చినోళ్ళని మన షాపు ఎలా తెలిసిందమ్మా అని అడిగి, గూగుల్ అంటే బిల్లు బుక్కులో నంబర్ పక్కన ‘గూ’ అని రాయి. రెండు నెలలయ్యాక ఆ ‘గూ’లు లెక్కపెడదాం, నెలకి 14 కూడా లేకపోతే యాడ్ ఆపేసి ఆ డబ్బులు స్పేర్ పార్టులకి వాడుకో.

నెలనెలా అదే రెండు వేలు ఉండక్కర్లేదు కూడా. సంవత్సరానికి 24 వేలే కదా నీ లిమిట్, ఏప్రిల్, మే కూలర్ల సీజన్‌లో మూడేసి వేలు పెడదాం, అప్పుడు రోజుకి 83. ఆ ఎక్కువైన రెండు వేలు జులై నుంచి అక్టోబర్ దాకా నెలకి 1500 చొప్పున పెట్టి పూడ్చుకుందాం, రోజుకి 41 వస్తది. మార్చాల్సొస్తే ఒకటో తారీకునే మార్చమను, లెక్క తేలిగ్గా ఉంటది.

గూగుల్ మ్యాప్స్‌లో మన షాపు పేజీ ఉంది కదా, దానికి పైసా ఖర్చు లేదు, అక్కడ ఇంకా పాత ఫోన్ నంబరే ఉంది, యాడ్ మొదలెట్టకముందే అది మార్పించు. ఒకటో తారీకు పొద్దున 2000 వేసి `Budget`, `Location` స్క్రీన్‌షాట్లు నాకు పంపించమను, చూసి ఓకే అన్నాకే ఆన్ చేద్దాం.