ఎనిమిదో తరగతి సాంఘికశాస్త్రం ప్రశ్నపత్రం: విభాగాలు, మార్కులు, ప్రశ్నల రకాలు

మూలం: దిల్‌సుఖ్‌నగర్ ట్యూషన్ కేంద్రంలో చదివే ఒక విద్యార్థి తల్లి వాట్సాప్‌లో పంపిన రెండు ఫొటోలు. పాఠశాల తానే తయారు చేసుకున్న అర్ధ సంవత్సర పరీక్ష ఇది. తెలుగు మాధ్యమం, రెండు గంటల సమయం, మొత్తం 50 మార్కులు. ప్రశ్నల క్రమసంఖ్యలను పత్రంలో ఉన్నట్టే ఉంచాము.

పార్ట్-ఎ (40 మార్కులు)

విభాగం-1. అతి స్వల్ప సమాధాన ప్రశ్నలు: 1 నుంచి 5 వరకు, 5 × 2 = 10. ఐదింటికీ సమాధానం రాయాలి, ఎంపిక లేదు. నాలుగు ప్రశ్నలు విషయావగాహనకు చెందినవి. "చెరువులు ఆక్రమణకు గురైతే మీ కాలనీకి కలిగే నష్టాలు రెండు రాయండి" అన్న ఐదో ప్రశ్న మాత్రం సమకాలీన అంశాలపై ప్రతిస్పందన కిందికి వస్తుంది. పాఠంలోని వాక్యాలను అప్పజెప్పి దీనికి మార్కులు తెచ్చుకోలేరు కనుక దీన్ని విడిగా గుర్తించాము.

విభాగం-2. స్వల్ప సమాధాన ప్రశ్నలు: 6 నుంచి 11 వరకు, 4 × 3 = 12. ఆరింటిలో ఏవైనా నాలుగు రాయాలి. కాగితం మడత సరిగ్గా గుణకారం మీదుగా పోవడంతో ఫొటోలో 3 అన్న అంకె 8 లాగా కనిపిస్తోంది. అయితే దాని పై వరుసలో "ప్రతి ప్రశ్నకు మూడు మార్కులు" అని అక్షరాల్లో స్పష్టంగా ఉంది. 8 అనుకుంటే ఈ ఒక్క విభాగానికే 32 మార్కులై పార్ట్-ఎ మొత్తం 40 దాటిపోతుంది కాబట్టి 3 అనే నమోదు చేశాము. తొమ్మిదో ప్రశ్నలో నాలుగు నెలల వర్షపాతం పట్టిక ఇచ్చి, దాని ఆధారంగా మూడు చిన్న ప్రశ్నలు అడిగారు. ఇది సమాచార నైపుణ్యం. మిగిలిన ఐదూ విషయావగాహన ప్రశ్నలు.

విభాగం-3. వ్యాసరూప ప్రశ్నలు: 12, 13; 2 × 6 = 12. రెండింటికీ అంతర్గత ఎంపిక ఉంది. "1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరదల తరవాత నగర రక్షణకు చేపట్టిన చర్యలను వివరించండి" అన్నది పన్నెండో ప్రశ్న. "లేదా" కింద సాలార్‌జంగ్ సంస్కరణల గురించి అడిగారు. పదమూడో ప్రశ్న 1948లో హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో విలీనమైన పరిస్థితుల మీద ఉంది; దానికి బదులుగా తెలంగాణ సాయుధ పోరాటంలో రైతుల పాత్ర గురించి రాయవచ్చు. "లేదా"తో కలిసిన జంటను ఒకే సంఖ్య కింద ఉంచడం తప్పనిసరి. వాటిని నాలుగు ప్రశ్నలుగా విడదీస్తే పిల్లలు నాలుగూ రాయాలనుకుని గంటసేపు వృథా చేసుకుంటారు.

విభాగం-4. పట నైపుణ్యం: 14. తెలంగాణ పటంలో మూసీ నది, గోదావరి నది, హైదరాబాద్, నాగార్జునసాగర్, అనంతగిరి కొండలు, భద్రాచలం గుర్తించమన్నారు. ఎంపిక లేదు. రెండో ఫొటోలో కుడి అంచు తెగిపోవడం వల్ల ఈ ప్రశ్న మార్కులు కనబడడం లేదు. మొదటి మూడు విభాగాలకు 34 పోగా పార్ట్-ఎలో మిగిలేవి 6, అడిగిన స్థలాలూ ఆరే. అందువల్ల ఒక్కో స్థలానికి ఒక మార్కు చొప్పున 6 × 1 = 6 అని రాసి, ఇది లెక్కగట్టిన సంఖ్య అని పక్కన గుర్తు పెట్టాము.

పార్ట్-బి (10 మార్కులు)

లక్ష్యాత్మక ప్రశ్నలు: 15 నుంచి 24 వరకు, 10 × 1 = 10. అన్నీ రాయాలి. 15 నుంచి 19 వరకు బహుళైచ్ఛిక ప్రశ్నలు. మచ్చుకు పదహారోది: "ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపించిన సంవత్సరం", దానికి ఎంపికలు 1908, 1918, 1928, 1948. 20 నుంచి 24 వరకు జతపరచడం: ఎడమవైపు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, నిజాంసాగర్, శ్రీరాంసాగర్, నాగార్జునసాగర్, కుడివైపు వరుసగా ఎ) గోదావరి, బి) మూసీ, సి) కృష్ణా, డి) ఈసీ, ఇ) మంజీర. జవాబును అక్షరంతో రాయాలి కాబట్టి, టైపు చేసేటప్పుడు కుడి వరుస క్రమాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ మార్చకూడదు.

మార్కుల సరిచూపు

రాయవలసిన మార్కులు: 10 + 12 + 12 + 6 + 10 = 50. ఎంపికలతో కలిపి పత్రంలో ఇచ్చిన మార్కులు: 10 + 18 + 24 + 6 + 10 = 68. క్రమసంఖ్యలు 24 ఉన్నా, "లేదా" ప్రశ్నలు రెండూ కలిపితే అడిగిన ప్రశ్నలు 26.

ఇంకా తేలనిది

తొమ్మిదో ప్రశ్న పట్టికలో ఆగస్టు నెల గడిపై ఫోను నీడ పడి అంకె చదవడానికి రాలేదు. ఊహించి వేస్తే ఆ పట్టిక మీద ఆధారపడిన మూడు జవాబులూ తప్పుతాయి. కనుక అసలు కాగితంలోని ఆ గడిని దగ్గరగా ఫొటో తీసి పంపమని ఆ తల్లిని అడిగాము. అది వచ్చేవరకు సాధన పరీక్షలో ఈ ప్రశ్నను పెట్టవద్దు, విభాగం-2ను మిగిలిన ఐదు ప్రశ్నలతోనే ఇవ్వండి.