నా వివరాలన్నీ తొలగించాలని వినతి

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

నమస్కారం. నేను 2023 జూన్‌లో మీ వివాహ సంబంధాల సైట్‌లో పేరు నమోదు చేసుకున్నాను. సభ్యత్వ సంఖ్య 20417. మరుసటి ఏడాదే నాకు పెళ్లయింది, సంబంధం మా మేనత్త చూసింది. అప్పుడే ఖాతా మూసేశాను. అయినా మొన్న ఆదివారం భోజనాల వేళ, మా అత్తగారి ఎదుటే మీ ఉద్యోగి ఫోన్ చేసి, "మేడమ్, మీకు తగిన సంబంధాలు మూడు వచ్చాయి" అన్నారు. ఇంట్లో అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఖాతా మూయడం వేరు, వివరాలు చెరిపేయడం వేరని అప్పుడు తెలిసింది. నా ఫొటోలు, జాతకం, గోత్రం, జీతం, ఆధార్ ప్రతి, నాన్నగారి ఫోన్ నంబరు, ఇతరులతో జరిపిన సంభాషణలు, బ్యాకప్‌లలో ఉన్నవి సహా అన్నీ తొలగించండి. నా సమ్మతిని ఉపసంహరించుకుంటున్నాను. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023లోని 12వ సెక్షన్ చెప్పే తొలగింపు హక్కు కిందే ఇలా అడుగుతున్నాను. మీరు నా వివరాలు ఇచ్చిన ఏజెంట్ల చేత కూడా తీసివేయించండి.

పన్ను లెక్కల కోసం చెల్లింపు రసీదు ఉంచుకోవలసి వస్తే అభ్యంతరం లేదు. ఏది, ఎంతకాలం ఉంచుతారో చెప్పండి చాలు.

నేనే రాశానని నిర్ధారించుకోవడానికి నమోదైన నంబరుకు ఓటీపీ పంపండి. దయచేసి మళ్లీ ఆధార్ అడగవద్దు. 30 రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వగలరు.

ఇట్లు,
కె. సుజాత
హనుమకొండ