‘ఉప్పు మీద ఎండ’ ముఖచిత్రం గురించి

టెక్కలి,
2-9-2025

బాబూ రమేష్,

మొన్న ఫోన్లో అనుకున్నవన్నీ రాసి పంపిస్తున్నాను. బొమ్మ వేసేటప్పుడు పక్కన పెట్టుకుందువుగాని. వ్యాసాలన్నీ నువ్వు చదివావు కాబట్టి పుస్తకం గురించి మళ్ళీ చెప్పను. అట్ట మీద నాకు కావలసినవి రెండు: ఇప్పటి నా ముఖం, 1972 ఏప్రిల్లో నౌపడ ఉప్పుమడి. నాకప్పుడు పదేళ్ళు. అరవై మూడేళ్ళ నేను ఇంకా ఆ గట్టు మీదే నిలబడి ఉన్నట్టు చూసేవాళ్ళకి అనిపించాలి.

అన్నిటికంటే ముందు ఒంటిరంగు సంగతి చెప్తాను. మిగతా వాటిలో నీ ఇష్టానికి అడ్డు రాను, ఇందులో మాత్రం నా మాట వినాలి.

నా మొదటి పుస్తకం అట్ట మీద నన్ను తెల్లగా చేశారు. చేసినవాళ్ళు మంచి మనసుతోనే చేశారు, ‘ఫోటో కొంచెం బ్రైట్ చేశాం మేడం’ అన్నారు. ఆ పుస్తకం తీసుకుని ఊరు వెళ్తే మా పెద్దమ్మ చేత్తో పట్టుకుని చాలాసేపు చూసింది. ‘ఎవుల్దే ఈ బొమ్మ?’ అని అడిగింది. నాదే అని చెప్పలేకపోయాను. పుస్తకం ఆమెకి ఇవ్వకుండానే వెనక్కి తెచ్చేసుకున్నాను.

ఈసారి బొమ్మలో అమ్మ కూడా ఉంటుంది. అమ్మ పోయి పదహారేళ్ళయింది. ఆమె ఫోటో అంటూ ఉన్నది ఓటరు కార్డు మీది నలుపు తెలుపు ఫోటో ఒక్కటే. అందులో కనుముక్కు తీరు దొరుకుతుంది, రంగు దొరకదు. అమ్మ రంగు ఈ భూమ్మీద ఇంకా ఎక్కడైనా ఉందంటే అది నా చేతుల మీదే. అందుకని నా ఫోటోలోంచే ఆమె రంగు తీసుకో. చెంప మీద ఎండ పడ్డ చోట ఒకటి, దవడ కింద నీడలో ఒకటి, ఆ రెంటికీ మధ్యది ఒకటి. ఆ మూడు రంగులతోనే అమ్మ ముఖం, చేతులు, కాళ్ళు వెయ్యి. అరచేతులూ అరికాళ్ళూ మాకు కాస్త లేతగా ఉంటాయి, అది మర్చిపోవద్దు.

మామూలుగా మన అట్టల మీద ఏం జరుగుతుందో నీకు తెలుసు. కూలి చేసే ఆడవాళ్ళని నల్లగా వేస్తారు, ముందు నిలబడ్డ ఆమెని గోధుమరంగులోకి తెస్తారు. అదే ఇక్కడ జరిగితే నేను వాళ్ళలోంచి బయటికి వచ్చేసి దూరంగా నిలబడి వాళ్ళ కథ చెప్తున్నట్టు అవుతుంది. ఆ పుస్తకం నేను రాయలేదు.

ఫోటోలు మూడు పంపుతున్నాను. మూడూ మా పెరట్లో ఉదయం ఎనిమిదింటికి మా మేనల్లుడు తీశాడు. ఫోన్లో ముఖాన్ని నునుపు చేసేదేదో ఉంటుంది కదా, అది ఆపేయించాను. మొదటిది నడుం పైదాకా, కొంచెం పక్కకి తిరిగి ఉన్నది. అట్టకి అదే వాడు. రెండోది ముఖం దగ్గరగా, ముడతల కోసం. మూడోదానిలో నేను గుప్పెడు రాళ్ళ ఉప్పు పట్టుకుని ఉన్నాను. అది అట్ట కోసం కాదు, నీ కోసం. కంప్యూటర్లో ఆ ఉప్పు పసుపూ నీలమూ లేని తెలుపుగా కనబడేదాకా ఫోటో రంగు సరిచెయ్యి. అప్పుడు దాన్ని పట్టుకున్న చెయ్యి ఏ రంగులో ఉంటుందో అదే మా రంగు. మొదటి ఫోటో కూడా ఆ వెలుగులోనే తీసింది కాబట్టి అదే సర్దుబాటు దానికీ చాలు.

ఫోటోని అద్దంలోలా తిప్పొద్దు. నా ముక్కుపుడక కుడివైపు ఉంది, ఎడమ కనుబొమ మీద మచ్చ ఉంది. ఉప్పు తట్ట అంచు తగిలి అయిన మచ్చ అది, ఏడో వ్యాసంలో వస్తుంది.

ఇక దృశ్యం. మళ్ళలో నిలబడి ఉత్తరం వైపు చూస్తున్నట్టు వెయ్యి. అప్పుడు ఎండ బొమ్మకి కుడివైపు నుంచి వస్తుంది, నా ఫోటోలో వెలుగు కూడా కుడివైపు నుంచే ఉంది. ఇది తప్పితే రంగు ఎంత సరిపోయినా ముఖం అతికించినట్టే ఉంటుంది. ఎడమవైపు దూరంగా తూర్పు కనుమల కొండలు, లేత నీలంలో. వాటి వైపు పోతున్న చిన్న రైలు. అది పర్లాకిమిడి రాజుల కాలంలో, 1900లో మొదలైన లైను, పట్టాల మధ్య రెండున్నర అడుగులే. ఇప్పుడు నౌపడలో కనబడే పెద్ద రైలుని చూసి వెయ్యొద్దు. అప్పటి ఇంజను బొగ్గుది, పెట్టెలు బొమ్మరైలు పెట్టెల్లా ఉండేవి. పొగ సన్నగా చాలు.

సముద్రం వద్దు. అలలు వేస్తే అందంగా ఉంటుందని నీకు అనిపించవచ్చు, కానీ మళ్ళలోంచి మాకు సముద్రం కనబడేది కాదు. ఉప్పునీరు కాలవలో వచ్చేది. పక్షులూ వద్దు. తేలినీలాపురం కొంగలు మార్చి దాటితే ఉండవు, మనది ఏప్రిల్.

మళ్ళు చిన్న చిన్న గళ్ళుగా, మధ్యలో బురద గట్లు. కొన్నిటిలో నీళ్ళు, కొన్నిటిలో అప్పుడే గడ్డకడుతున్న ఉప్పు. అమ్మ పొడవాటి కర్రకి అడ్డంగా చెక్క బిగించిన పనిముట్టుతో ఉప్పుని గట్టు వైపు లాగుతూ ఉంటుంది. వంగి కాదు. కర్ర పొడుగు కాబట్టి నడుం కొంచెమే వంచి, బరువంతా వెనక కాలి మీద వేసి లాగేది. చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, చెంగు నడుం చుట్టూ దోపి. చెప్పులు లేవు. కొంచెం వెనకాల తలమీద చుట్టకుదురు, దాని మీద తట్టతో ఇద్దరు ఆడవాళ్ళు. చివర ఉప్పు రాశులు, ఒకదాని మీద సగం దాకా తాటాకులు కప్పి. వాన భయం ఏప్రిల్ నుంచే ఉండేది మాకు.

దూరంగా ఉన్న ఆ ఇద్దరి రంగు కాస్త పలచబడితే సరే. దూరం పోయేకొద్దీ గాలి ఎవరినైనా పలచబరుస్తుంది. అమ్మ మాత్రం దగ్గర్లో ఉంది, ఆమెకి ఆ సడలింపు లేదు. ఇంకొకటి, ఇది మళ్ళలో తిరిగినవాళ్ళకే తెలుస్తుంది. ఉప్పు మీద పడ్డ ఎండ మళ్ళీ పైకి కొడుతుంది. గడ్డం కింద, చేతుల అడుగు భాగాన, పిక్కల వెనక, మామూలుగా నీడ ఉండాల్సిన చోట కూడా మాకు సన్నటి తెల్లటి వెలుగు ఉండేది. అమ్మకి ఆ వెలుగు పెట్టు. నా దవడ కింద కూడా కొంచెం అదే వెలుగు కలుపు. మా పెరట్లో ఉప్పు లేదు, అందుకే ఫోటోలో అది లేదు. ఆ ఒక్క గీతతో నేను మడిలోకి వచ్చేస్తాను. వెలుగు కలిపావు కదా అని చెంప రంగు మాత్రం పెంచొద్దు.

నన్ను కింద కుడివైపు పెట్టు, అట్టలో సగానికి మించకుండా. ముఖం ఫోటోలాగే ఉండనీ, మెడ దాటాక నీ కుంచెలోకి మారిపోవాలి. భుజం మీది చెంగు అంచు కిందికి జారుతూ మడి గట్టుగా మారితే బాగుంటుందని నాకు అనిపించింది, కుదురుతుందో లేదో నువ్వు చూడు. ముఖం మీదా బొమ్మ మీదా ఒకే కాగితపు గరుకు కనబడాలి. మేఘాల్లో తేలే ముఖం వద్దు బాబూ. శ్రద్ధాంజలి ఫ్లెక్సీల మీద అలా వేస్తారు, నేను బతికే ఉన్నాను.

పైన మూడో వంతు ఆకాశం ఖాళీగా వదులు. ఏప్రిల్ ఉదయం మా ఆకాశం నీలం కాదు, నీళ్ళు కలిపిన పాల రంగు. పేరు అక్కడ వస్తుంది. అక్షరాలు నువ్వే చేత్తో రాయి, ముదురు గోధుమలో, దాదాపు నీడలో ఉన్న మా చర్మం రంగులో. ‘ఉప్పు మీద’ ఒక వరస, ‘ఎండ’ దాని కింద పెద్దగా. ‘ప్పు’ కింద ఒత్తుకి చోటు చూసుకో, లేకపోతే ‘ఎండ’ తలకట్టుని తగులుతుంది. కొండలు గానీ పొగ గానీ అక్షరాల్లోకి రాకూడదు. నా పేరు కింద ఎడమవైపు, అమ్మ కాళ్ళ దగ్గర, చిన్నగా.

అట్ట మీద రావలసిన మాటలు ఇవి, వీటిలో ఒక్క అక్షరం మారకూడదు.

ముందు: ఉప్పు మీద ఎండ / నౌపడ మళ్ళ జ్ఞాపకాలు / కె. అప్పలనరసమ్మ

వీపు: ఉప్పు మీద ఎండ – కె. అప్పలనరసమ్మ

వెనక: ‘మా అమ్మకి ఉప్పు ధర ఎంతో తెలీదు. తట్టకి ఎంతో తెలుసు. రోజుకి ఎన్ని తట్టలైతే మాకు నూకలు వస్తాయో తెలుసు. సాయంత్రం కాళ్ళు మంచినీళ్ళలో పెట్టుకుని కూర్చునేది. పగుళ్ళలోంచి ఉప్పు కరిగేదాకా ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఆ నీళ్ళు నేనే పారబోసేదాన్ని. ఒకసారి వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను.’

దాని కింద వెల ₹200, కుడి మూల బార్‌కోడ్‌కి తెల్లటి చోటు. వెనక అట్ట మీద మనుషులెవరూ వద్దు, ఖాళీ మళ్ళే కొనసాగనీ.

ప్రెస్సువాళ్ళు చెప్పినవి: డెమీ సైజు, అంటే 5.5 × 8.5 అంగుళాలు. 184 పేజీలు, వీపు 10 మిల్లీమీటర్లు. నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు ఎక్కువ వెయ్యాలి. 300 డీపీఐ, సీఎంవైకే, పీడీఎఫ్, అక్షరాలన్నీ అవుట్‌లైన్‌గా మార్చి. అట్టకి మ్యాట్ లామినేషన్. దానితో ముదురు రంగులు ఇంకాస్త మందగిస్తాయట. అందుకని చర్మం తేలిక చేయమని వాళ్ళు నీకు ఫోన్ చేస్తారు, ముందే చెప్తున్నాను. చెయ్యకు. నలుపు, నీలం ఎక్కువై బూడిదరంగులోకి పోతే వాటిని తగ్గించి ఎరుపు, పసుపు సరిచెయ్యి. మా చర్మంలో బెల్లం ఉంటుంది, బూడిద ఉండదు. చుట్టూ ఉన్న ఉప్పుని, ఆకాశాన్ని ఇంకా తెలుపు చేసుకో, ముఖాలు వాటంతట అవే తేలతాయి. లామినేషన్ వేసిన ప్రూఫ్ ఒకటి తీయించు. ట్యూబ్‌లైట్ కింద కాదు, పగలు వాకిట్లో నా చెయ్యి పక్కన పెట్టి చూద్దాం. అప్పుడే అచ్చుకి ఒప్పుకుంటాను.

నువ్వు చెప్పిన పన్నెండు వేలలో ఆరు వేలు నిన్న పంపాను. మిగతావి ప్రూఫ్ చూసిన రోజున. టీచరు కదా అని తగ్గించానన్నావు, అది నాకు ఇష్టం లేదు. వేరేవాళ్ళ దగ్గర ఎంత తీసుకుంటావో అంతే తీసుకో. పెన్సిల్ గీత ఈ నెల 12 కల్లా పంపు, రంగులు లేకపోయినా పర్లేదు. అమ్మ నిలబడ్డ తీరు ఒక్కటి చూసి చెప్తాను.

ఓటరు కార్డు ఫోటో స్కాన్ సరిగ్గా రాలేదు, కళ్ళ దగ్గర మరక పడింది. అసలు కార్డు పోస్టులో వెయ్యను. ఆదివారం నువ్వు ఊరొస్తున్నావని మీ అమ్మగారు చెప్పారు, వస్తూ ఇంటికి రా. ఇక్కడే కూర్చుని చూసి గీసుకుందువుగాని.

ఆశీస్సులతో,
అప్పలనరసమ్మ టీచర్