తాతయ్య గురించి చిన్నికి

(ముక్తేశ్వరం దగ్గర ఒక పల్లె. ఏప్రిల్ నెల. రాత్రి ఆసుపత్రికి వెళ్ళేముందు 6 ఏళ్ళ కూతురిని పక్కింటి పెద్దమ్మ దగ్గర వదిలి వెళ్ళిన తల్లి, తెల్లవారాక వచ్చి, పెరటి అరుగు మీద ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పిన మాటలు.)

చిన్నీ, ఇలా రా తల్లీ, నా ఒళ్ళో కూర్చో. నీకో సంగతి చెప్పాలి. చాలా బాధగా ఉండే సంగతి. ఇంకెవరో చెప్పేలోగా నేనే చెప్దామని వచ్చాను.

తాతయ్య చనిపోయారు.

రాత్రి తాతయ్యకి గుండెల్లో బాగా నొప్పి వచ్చింది. మావయ్యా నేనూ కారులో అమలాపురం తీసుకెళ్ళాం. డాక్టర్లు ఇంజెక్షన్లు చేశారు, ఆక్సిజన్ పెట్టారు. గుండె ఆగిపోతే ఛాతీ మీద చేతులతో నొక్కుతూ, అది మళ్ళీ కొట్టుకునేలా చెయ్యాలని చాలాసేపు చూశారు. కొట్టుకోలేదు. గుండె ఆగిపోతే ఒంట్లో రక్తం తిరగదమ్మా. ఊపిరి ఆడదు, కళ్ళు చూడలేవు, చెవులు వినలేవు. ఒళ్ళు పనిచెయ్యడం పూర్తిగా ఆగిపోతుంది. చనిపోవడం అంటే అదే.

ఏదీ, నీ చెయ్యి ఇక్కడ పెట్టు. కొట్టుకుంటోందా? ఇప్పుడు నీ గుండె మీద పెట్టుకో. నీదీ కొట్టుకుంటోంది, చూడు. మనిద్దరం బతికే ఉన్నాం.

— తాతయ్య ఎప్పుడు లేస్తారు?

లేవరమ్మా. తాతయ్య నిద్రపోవట్లేదు. నిద్రపోయినవాళ్ళకి గుండె కొట్టుకుంటుంది, ఊపిరి ఆడుతుంది, పొద్దున్నే లేస్తారు. నువ్వు ఇప్పుడు లేవలేదూ? చనిపోయినవాళ్ళు లేవరు. అందుకని రాత్రి పడుకోవడానికి నువ్వు భయపడక్కర్లేదు.

— మొన్న కాలవలో నీళ్ళు పోయాయి కదా, మళ్ళీ వస్తాయని తాతయ్యే చెప్పారు.

అవును, చెప్పారు. ఎండాకాలం ధవళేశ్వరం దగ్గర కాలవ గేట్లు మూసేస్తారు, మళ్ళీ వానాకాలం ముందు వదులుతారు. నీళ్ళు అక్కడ గోదావరిలో ఉంటాయి కాబట్టి మళ్ళీ వస్తాయి. తాతయ్య అలా ఎక్కడికో వెళ్ళి ఉండలేదు తల్లీ. జూన్‌లో కాలవకి నీళ్ళొస్తాయి, తాతయ్య రారు. బడి తెరిచినా, నీ పుట్టినరోజు వచ్చినా, సంక్రాంతి వచ్చినా రారు. ఫోన్ చేసినా మాట్లాడరు. నాకూ తాతయ్య రావాలనే ఉంది. ఆయన మా నాన్న కదా.

ఏడుపొస్తోందా? ఏడు తల్లీ. నేనూ ఏడుస్తున్నాను, చూడు. ఇవాళ మనింట్లో చాలామంది ఏడుస్తారు. అమ్మమ్మ గట్టిగా ఏడుస్తుంది. భయపడకు, అమ్మమ్మకి ఒంట్లో ఏం కాలేదు. తాతయ్య లేరన్న బాధ అంతే. మధ్యలో నీకు ఆడుకోవాలనిపిస్తే ఆడుకో, నవ్వొస్తే నవ్వు. ఎవరైనా తప్పంటే నా దగ్గరికి రా.

— నేను నిన్న తాతయ్యతో కటీఫ్ చెప్పాను.

అందుకా ఇందాకటి నుంచి తల దించుకున్నావు? సైకిల్ మీద లాకుల దగ్గరికి తీసుకెళ్ళలేదనేగా? ఇటు చూడు. నువ్వు కటీఫ్ అన్నందుకు తాతయ్య చనిపోలేదు. కోపంగా ఒక మాట అన్నంత మాత్రాన ఎవరి గుండే ఆగిపోదు. గుండెకి రక్తం తీసుకెళ్ళే గొట్టంలో రక్తం గడ్డకట్టి అడ్డుపడింది. దాన్నే గుండెపోటు అంటారు. నువ్వు అన్నది, అనుకున్నది, చేసింది, చెయ్యనిది, ఏదీ దానికి కారణం కాదు. రాత్రి అన్నం తింటూ తాతయ్య నాతో ఏమన్నారో తెలుసా? "రేపు పొద్దున్నే దాన్ని తీసుకెళ్ళకపోతే ఊరుకోదు" అని నవ్వారు. నీ మీద కోపమే లేదు.

— నీకు కూడా గుండెపోటు వస్తుందా?

నాకిప్పుడు ఒంట్లో బాగానే ఉంది. నాన్నకీ బాగుంది. ఎప్పటికీ చనిపోమని నేను చెప్పలేనమ్మా, అందరూ ఒకనాటికి చనిపోతారు. కానీ చాలామంది బాగా పెద్దవాళ్ళయ్యాకే చనిపోతారు. చాలా ఏళ్ళు నీతో ఉంటాననే నేననుకుంటున్నాను. మాకేమైనా అయినా నిన్ను చూసుకోవడానికి అమ్మమ్మ, మావయ్య, అత్త ఉన్నారు. నీకు జ్వరమొస్తే, జలుబు చేస్తే ఇలా అవుతుందేమోనని టెన్షన్ పడకు. అవి మందులేసుకుంటే తగ్గేవి. తాతయ్యని ముట్టుకున్నా, ఆయన మంచం మీద పడుకున్నా ఎవరికీ ఏం అంటుకోదు.

ఇప్పుడు మనింటికి వెళ్తే ఏం కనిపిస్తుందో ముందే చెప్తాను. వీధి అరుగు నిండా చెప్పులుంటాయి. హాల్లో అద్దం మూత ఉన్న పెద్ద ఐస్ బాక్సులో తాతయ్య శరీరం ఉంటుంది. కళ్ళు మూసి ఉంటాయి. ముక్కులో దూది పెట్టారు. కాలి బొటనవేళ్ళు రెండూ కలిపి కట్టారు. కళ్ళజోడు ఉండదు, మావయ్య తీసి బీరువాలో పెట్టాడు. తల దగ్గర దీపం వెలుగుతుంటుంది. ముట్టుకుంటే చల్లగా, గట్టిగా ఉంటారు. ఆ చలి తాతయ్యకి తెలియదు. నొప్పి, ఆకలి, దాహం కూడా ఏవీ తెలియవు.

చూడాలనిపిస్తే నా చెయ్యి పట్టుకుని రా. వద్దనిపిస్తే పెద్దమ్మ దగ్గరే ఉండు, ఎవరూ నిన్ను ఏమీ అనరు. ముందు సరేనని గుమ్మం దాకా వచ్చి వద్దనుకున్నా వెనక్కి వచ్చేద్దాం.

హైదరాబాద్‌లో నాన్న బయల్దేరారు, మధ్యాహ్నానికి వస్తారు. నాన్న వచ్చాక మావయ్యా వాళ్ళూ పాడె మీద శ్మశానానికి తీసుకెళ్ళి దహనం చేస్తారు. అంటే కట్టెల మీద పడుకోబెట్టి నిప్పు పెడతారు.

— కాలుతుంది కదమ్మా!

బతికున్నవాళ్ళకైతే కాలుతుంది, నొప్పి పుడుతుంది. తాతయ్యకి ఏమీ తెలియదు తల్లీ, నిజంగా తెలియదు. తర్వాత బూడిద, ఎముక ముక్కలు మిగులుతాయి. వాటిని కోటిపల్లి రేవుకి తీసుకెళ్ళి గోదావరిలో కలుపుతారు. తాతయ్య నిన్ను పంటు ఎక్కించి తీసుకెళ్ళారే, ఆ రేవే. పెద్దకార్యం దాకా మనింటికి చుట్టాలు వస్తూ పోతూ ఉంటారు.

వచ్చినవాళ్ళు నీతో తాతయ్య ఊరెళ్ళారనో, చుక్కై పోయారనో అనొచ్చు. నువ్వు బాధపడతావని అలా అంటారు. నీకు అయోమయంగా ఉంటే వచ్చి నన్నడుగు. తాతయ్య దేవుడి దగ్గరున్నారని అమ్మమ్మ అంటుంది. అది అమ్మమ్మ నమ్మకం, ఆవిడకి అది ధైర్యం. చనిపోయాక ఏమవుతుందో నేను చూడలేదు కాబట్టి నాకు తెలియదు. తాతయ్య శరీరం మళ్ళీ లేవదని మాత్రం తెలుసు. ఇవే ప్రశ్నలు రేపూ ఎల్లుండీ మళ్ళీ అడుగు. ఎన్నిసార్లు అడిగినా చెప్తాను.

— మరి నన్ను బడికి సైకిల్ మీద ఎవరు తీసుకెళ్తారు?

మావయ్య తీసుకెళ్తాడు. ముందు కట్టిన నీ చిన్న సీటు అలాగే ఉంటుంది. తాతయ్యలా గంట కొట్టుకుంటూ వెళ్ళాలంటే మావయ్యకి నువ్వే నేర్పాలి. ఈ వారం మాత్రం బడికి వద్దు, టీచర్‌కి నేను ఫోన్ చేసి తాతయ్య చనిపోయారని చెప్తాను.

పెద్దమ్మ పాలు కాచింది. తాగేసి మొహం కడుక్కో, జడ వేస్తాను. ఇంటికి వస్తావో, ఇక్కడే ఉంటావో అప్పుడు చెప్పు.