సైబర్ పాలసీ ఇచ్చే ముందు ఎంఎఫ్ఏ, బ్యాకప్‌ల గురించి ఎందుకు అడుగుతున్నారంటే

మా వ్యాపార క్లయింట్లందరికీ నమస్కారం.

ఏప్రిల్ 1న రెన్యూవల్ ఉన్న సైబర్ పాలసీల ప్రపోజల్ ఫారాలు మీకు పంపి పది రోజులైంది. అప్పటి నుంచి మా విజయవాడ ఆఫీసుకు వస్తున్న ఫోన్లు ఎక్కువగా ఒకే విషయం మీద. గుంటూరు నుంచి మిర్చి ఎగుమతి చేసే ఒక క్లయింట్ సూటిగానే అడిగారు: "మొదటిసారి రెండు పేజీలు నింపితే పాలసీ చేతికొచ్చింది. ఇప్పుడు ఎంఎఫ్ఏ ఉందా, బ్యాకప్ ఎక్కడ పెడుతున్నారు, చివరిసారి ఎప్పుడు రిస్టోర్ చేసి చూశారు అంటూ ఇన్ని ప్రశ్నలేంటండీ? ప్రీమియం కడుతున్నాం కదా!"

న్యాయమైన ప్రశ్నే. ఫోన్లో అయిదు నిమిషాల్లో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఈ నెల న్యూస్‌లెటర్ మొత్తం దీనికే కేటాయించాను.

మీలో నగల షాపులు ఉన్నవాళ్లకు ఇలాంటి షరతు కొత్త కాదు. రాత్రి షాపు మూశాక నగలు సేఫ్‌లో ఉండాలని మీ పాలసీలోనే రాసి ఉంటుంది. షోకేసులో వదిలేసిన సరుకు పోతే క్లెయిమ్ నిలబడదు. సేఫ్ ఉన్నంత మాత్రాన దొంగలు రారని కాదు. వచ్చినా పోయేది తక్కువగా ఉంటుందని కంపెనీ లెక్క. సైబర్ పాలసీలో ఎంఎఫ్ఏది, అంటే పాస్‌వర్డ్‌తో పాటు అడిగే రెండో తనిఖీది, బ్యాకప్‌ది అదే పాత్ర. దొంగ లోపలికి రాకుండా చూసేది మొదటిది. వచ్చినా వ్యాపారం మళ్లీ నిలబడేలా చేసేది రెండోది.

పాస్‌వర్డ్ ఒక్కటే కాపలా అయితే

ఎంఎఫ్ఏ అంటే మల్టీ ఫ్యాక్టర్ ఆథెంటికేషన్. పేరు పెద్దది గానీ మీరు దాన్ని ఇప్పటికే వాడుతున్నారు. ఈ-వే బిల్లు, ఈ-ఇన్‌వాయిస్ పోర్టళ్లలో పాస్‌వర్డ్ తర్వాత ఓటీపీ కూడా కొట్టాలి కదా, అదే. టర్నోవర్ 20 కోట్లు దాటినవాళ్లకు 2025 జనవరి 1 నుంచి, 5 కోట్లు దాటినవాళ్లకు ఫిబ్రవరి 1 నుంచి, మిగతా అందరికీ ఏప్రిల్ 1 నుంచి అది తప్పనిసరైంది. సరుకు బిల్లుకు వేసిన ఆ రెండో గడియ కంపెనీ మెయిల్‌కు వేయకపోవడమే మా దిగులు.

పాస్‌వర్డ్ ఎలా పోతుందో చూడండి. మీ అకౌంటెంట్ ఆఫీసు మెయిల్‌కు పెట్టిన పాస్‌వర్డే ఏదో షాపింగ్ సైట్‌కూ పెడతారు. ఆ సైట్ డేటా లీకైతే మీ ఆఫీసు తాళం కూడా బయటపడినట్టే. లేదా బ్యాంకు పేజీలాగే ఉన్న నకిలీ పేజీలో తెలియక టైప్ చేస్తారు. ఇందులో ఎవరి నిర్లక్ష్యమూ ఉండనక్కర్లేదు, పని ఒత్తిడిలో ఎవరికైనా జరుగుతుంది.

2021 మేలో అమెరికాలో కలోనియల్ పైప్‌లైన్ అనే ఇంధన సంస్థ కొన్ని రోజులు సరఫరా ఆపేయాల్సి వచ్చింది. దొంగలు దూరి వచ్చింది బయటి నుంచి కంపెనీ నెట్‌వర్క్‌లోకి వెళ్లడానికి వాడే వీపీఎన్‌లో, వాడకంలో లేని ఒక పాత అకౌంట్ గుండా. దానికి పాస్‌వర్డ్ ఒక్కటే ఉంది, రెండో అంచె లేదు. ఆ సంస్థ దొంగలకు కట్టిన సొమ్ము దాదాపు 44 లక్షల డాలర్లు. 2024 ఫిబ్రవరిలో ఆసుపత్రుల బిల్లులు, చెల్లింపులు చూసే ఛేంజ్ హెల్త్‌కేర్ అనే అమెరికా సంస్థ మీద జరిగిన దాడి కూడా ఎంఎఫ్ఏ లేని రిమోట్ లాగిన్ నుంచే మొదలైంది. ఈ సంగతి దాని మాతృసంస్థ అధిపతే అమెరికా పార్లమెంటు ముందు చెప్పారు. అవన్నీ అమెరికా కథలనుకోకండి. 2022 జనవరిలో హైదరాబాద్‌లోని ఏపీ మహేష్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 12 కోట్ల రూపాయలకు పైగా మాయమయ్యాయి. ఉద్యోగులను నమ్మించి మోసం చేసే ఫిషింగ్ మెయిళ్లే అక్కడ దారి చూపాయి.

అందుకే బీమా కంపెనీలో పాలసీ ఇవ్వాలో వద్దో తేల్చే అండర్‌రైటర్లు ప్రధానంగా మూడు చోట్ల ఎంఎఫ్ఏ ఉండి తీరాలంటున్నారు: మెయిల్, బయటి నుంచి లాగిన్ అయ్యే ప్రతి దారి, అడ్మిన్ అకౌంట్లు. మన దగ్గర ఎక్కువగా తెరిచి ఉండేది రెండోదే. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వెండర్ ఇంటి నుంచి సపోర్ట్ ఇవ్వడానికని రిమోట్ డెస్క్‌టాప్ తెరిచి ఉంచుతారు, పని అయిపోయాక దాన్ని మూసేవాళ్లు ఉండరు.

మెయిల్ గురించి ఎగుమతిదారులు ప్రత్యేకంగా గమనించాలి. మెయిల్‌బాక్స్‌లోకి దూరినవాడు వెంటనే ఏమీ చేయడు. విదేశీ కొనుగోలుదారుతో మీ బేరం నెల రోజులు చదువుతూ కూర్చుంటాడు. డబ్బు రావాల్సిన వారం మీ మెయిల్ ఐడీ నుంచే "మా బ్యాంకు ఖాతా మారింది" అని రాస్తాడు. కొనుగోలుదారు నమ్మి అక్కడికే పంపుతాడు. సరుకు ఓడలో వెళ్లిపోయింది, డబ్బు ఇంకెవరి ఖాతాలోనో పడింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ల స్నేహం కూడా గొడవల్లో పడుతుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఎస్ఎంఎస్ ఓటీపీ కంటే ఫోన్‌లోని ఆథెంటికేటర్ యాప్ మేలు, ఎందుకంటే సిమ్‌ను మోసంతో తమ పేరు మీదికి మార్చుకునేవాళ్లున్నారు. మీరు లాగిన్ కాకుండానే ఫోన్‌లో "అప్రూవ్ చేయాలా?" అని వస్తే ఎప్పుడూ నొక్కొద్దు. 2022 సెప్టెంబర్‌లో ఊబర్‌లోకి దొంగ దూరింది ఇలాగే. వరసబెట్టి వచ్చిన రిక్వెస్టుల్లో ఒకదాన్ని ఒక కాంట్రాక్టర్ ఒప్పుకున్నారు.

రాత్రి 11కి బ్యాకప్ అవుతూనే ఉంది, కానీ

ఈ భాగం కాస్త ఓపికగా చదవండి. నన్ను ఇప్పటికీ బాధపెట్టే క్లెయిమ్ ఇది.

రెండేళ్ల క్రితం మా క్లయింట్ ఒకరు, మందుల డిస్ట్రిబ్యూటర్, సోమవారం ఉదయం గోడౌన్ తెరిచి బిల్లింగ్ కంప్యూటర్ ఆన్ చేశారు. స్క్రీన్ మీద డబ్బు అడుగుతూ ఇంగ్లిష్‌లో ఒక నోట్ కనిపించింది. ఫైళ్లేవీ తెరుచుకోలేదు. ఆయన కంగారు పడలేదు. "బ్యాకప్ ఉందండీ, రోజూ రాత్రి 11కి అవుతుంది" అని ధైర్యంగా చెప్పారు. నిజంగానే అయ్యేది. కానీ ఆ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఏడాది పొడవునా అదే కంప్యూటర్‌కు గుచ్చి ఉండేది. కంప్యూటర్‌లోని ఫైళ్లను లాక్ చేసిన ప్రోగ్రామ్‌కు ఆ డిస్క్ ఇంకో డ్రైవ్‌లాగే కనిపించింది. రెండూ ఒకే రాత్రి పోయాయి.

విడిగా మిగిలిన కాపీ ఒక్కటే. అయిదు నెలల కిందట ఆడిట్ కోసం పెన్‌డ్రైవ్‌లో ఇచ్చింది. అక్కడి నుంచి మళ్లీ లెక్క కట్టాలి. కంపెనీల నుంచి స్టేట్‌మెంట్లు తెప్పించారు, జీఎస్టీ పోర్టల్ నుంచి దొరికినంత దించుకున్నారు. కుర్రాళ్లు మెడికల్ షాపులన్నీ తిరిగి పాత బిల్లులకు ఫొటోలు తీసుకొచ్చారు. ఏడు వారాలు పట్టింది. నిపుణుల ఖర్చు, డేటా మళ్లీ ఎక్కించిన ఖర్చు పాలసీ నుంచి వచ్చాయి. కానీ ఏ షాపు ఎంత బాకీయో కాగితం లేనిచోట ఎవరు తేల్చాలి? అలా రాకుండా పోయిన బాకీలకు పాలసీలో చోటు లేదు. ఆ నష్టం ఆయనే మోశారు.

దీనికి ఎదురుగా ఢిల్లీ ఎయిమ్స్‌ను చూడండి. 2022 నవంబర్‌లో అక్కడి సర్వర్ల మీద కూడా ఇలా ఫైళ్లను లాక్ చేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. దాదాపు రెండు వారాల పాటు ఓపీ చీటీల దగ్గర్నుంచి అన్నీ చేత్తో రాయాల్సి వచ్చింది. అయినా దాడి తగలని ఒక బ్యాకప్ సర్వర్ మిగిలింది కాబట్టి ఈ-హాస్పిటల్ డేటాను దాన్నుంచే కొత్త సర్వర్లలోకి తెచ్చుకోగలిగారు.

ఆ తగలని కాపీ మీకు ఉందా అన్నదే ఫారంలోని ప్రశ్న. డేటా మొత్తం మూడు ప్రతులు, రెండు రకాల పరికరాల మీద, అందులో ఒకటి ఆఫీసుకు దూరంగా ఉండాలన్నది పాత సూత్రం. ఇప్పుడు దానికి ఇంకోటి చేర్చారు: కనీసం ఒక ప్రతి నెట్‌వర్క్‌కు అంటుకోకుండా ఉండాలి, లేదా అడ్మిన్ కూడా గడువులోపు చెరపలేని క్లౌడ్ నిల్వలో ఉండాలి. దాడి చేసేవాళ్లు లోపలికి రాగానే ముందు వెతికేది బ్యాకప్‌నే. అది చేతిలో ఉంటే మీరు డబ్బు కట్టరని వాళ్లకు బాగా తెలుసు.

ఫోల్డర్‌ను గూగుల్ డ్రైవ్‌లాంటి క్లౌడ్‌తో సింక్ చేసి అదే బ్యాకప్ అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇక్కడ ఫైలు పాడైతే అక్కడి ఫైలూ పాడవుతుంది. పాత వెర్షన్లు దొరికితే అదృష్టం, అంతవరకే. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలున్నవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోండి. ఎలక్ట్రానిక్ ఖాతా పుస్తకాల బ్యాకప్‌ను భారత్‌లోని సర్వర్‌లో రోజూ ఉంచాలని కంపెనీల అకౌంట్స్ నిబంధనల్లో 2022 నుంచీ ఉంది. బీమా అడిగినా అడగకపోయినా అది మీ బాధ్యతే.

రిస్టోర్ పరీక్ష సంగతి. మూడు నెలలకోసారి, ఒక ఆదివారం, వేరే కంప్యూటర్‌లో బ్యాకప్ తెరిచి నిన్నటి బిల్లు కనిపిస్తోందా చూడండి. ఎంతసేపు పట్టిందో ఒక కాగితం మీద తేదీతో రాసి పెట్టండి. వ్యాపారం ఆగిన నష్టానికి చాలా పాలసీలు మొదటి 8 నుంచి 12 గంటలు లెక్కలోకి తీసుకోవు. మీ రిస్టోర్ ఎంత సమయం తీసుకుంటుందో తెలిస్తేనే ఎంత మొత్తానికి పాలసీ తీసుకోవాలో మనం కూర్చుని మాట్లాడుకోగలం.

దయచేసి "అవును" అని ఊరికే రాయకండి

ఫారం చివర సంతకం ఉంటుంది. చాలామంది దాన్ని లాంఛనం అనుకుంటారు. బీమా ఒప్పందం మొత్తం ఆ సంతకం మీదే నిలబడుతుంది, ఎందుకంటే మీ సర్వర్ గది కంపెనీ చూడలేదు. మీ మాటే దానికి ఆధారం.

2022లో అమెరికాలోని ఇలినాయ్‌లో జరిగింది చెబుతాను. ఇంటర్నేషనల్ కంట్రోల్ సర్వీసెస్ అనే సంస్థ ఎంఎఫ్ఏ వాడుతున్నామని రాసిచ్చి ట్రావెలర్స్ అనే బీమా కంపెనీ దగ్గర పాలసీ తీసుకుంది. మేలో రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. దర్యాప్తులో ఎంఎఫ్ఏ ఫైర్‌వాల్‌కే ఉందని, సర్వర్లకు లేదని బయటపడిందంటూ జూలైలో బీమా కంపెనీ కోర్టుకెళ్లింది. చివరికి ఇరుపక్షాల ఒప్పుకోలుతో పాలసీయే రద్దయింది. కొంత కోత పెట్టడం కాదు, మొదటి నుంచీ లేనట్టే అయింది.

అందుకే, పదిమందిలో నలుగురికే ఎంఎఫ్ఏ ఉంటే "నలుగురికి ఉంది, మిగతావాళ్లకు మే నెలాఖరుకు పెడతాం" అని రాయండి. అలా రాసినవాళ్ల కోసం గడువు అడిగి పాలసీ ఇప్పించే పని మాది. ప్రీమియం కాస్త పెరగొచ్చు, రాన్సమ్‌వేర్ పరిమితి తగ్గొచ్చు. అబద్ధం మీద తీసుకున్న పాలసీతో క్లెయిమ్ రోజున మీ తరఫున వాదించడానికి నా దగ్గర ఏమీ మిగలదు.

ఫారం మీరొక్కరే నింపకండి. మీ కంప్యూటర్లు చూసేవారిని పక్కన కూర్చోబెట్టుకుని, మెయిల్ అడ్మిన్ పేజీలో ఎంఎఫ్ఏ ఎంతమందికి ఆన్ అయిందో కళ్లారా చూసి, ఆ పేజీ స్క్రీన్‌షాట్ ఫారంతో పాటు పంపండి.

ఏదైనా జరిగితే ముందు ఆ కంప్యూటర్ నెట్‌వర్క్ కేబుల్ తీయండి, వైఫై ఆపండి. కానీ ఫార్మాట్ చేయించకండి, ఆధారాలు పోతాయి. తర్వాత మాకు ఫోన్ చేయండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు 6 గంటల్లోపు తెలపాలన్న నిబంధన ఉంది, అది ఎలా పంపాలో మేం పక్కనుండి చేయిస్తాం.

నింపిన ఫారాలు మార్చి 15లోపు చేరితే అండర్‌రైటర్‌తో మాట్లాడటానికి మాకు రెండు వారాలుంటాయి. ఈ శనివారం ఉదయం 10 నుంచి గవర్నర్‌పేట ఆఫీసులో మా టీమ్ మొత్తం ఉంటుంది. ఫారం పట్టుకుని, మీ ఐటీ చూసే మనిషిని వెంటబెట్టుకుని రండి. రాలేనివాళ్లు ఈ మెయిల్‌కే జవాబు రాస్తే సోమవారం నుంచి మేమే ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తాం.

ఇట్లు,
క్లెయిమ్స్, క్లయింట్ సర్వీసెస్ విభాగం
విజయవాడ