ఖాతాదారులకు ఇచ్చిన మూడు జవాబుల మూల్యాంకన పత్రం: మర్యాద, ఖచ్చితత్వం, సంపూర్ణత

బ్యాంకు సహాయ విభాగం, తెలుగు డెస్క్. పరిశీలన తేదీ: 2024 నవంబర్ 13.

ఈ వారం పరిశీలనకు వచ్చిన లిఖిత జవాబుల్లో మూడింటిని ఇక్కడ వివరంగా నమోదు చేస్తున్నాను. మొత్తం 100 మార్కుల్లో మర్యాదకు 25, ఖచ్చితత్వానికి 45, సంపూర్ణతకు 30 కేటాయించాం. ఖాతాలోంచి డబ్బు పోయిందన్న ఆందోళనతో రాసే మనిషికి తప్పుడు గడువు చెప్పడం కంటే పెద్ద అపకారం లేదు కనుకనే ఖచ్చితత్వానికి ఎక్కువ వాటా ఇచ్చాం. అందులో 20 కంటే తక్కువ వస్తే, మిగతా రెండింటిలో ఎన్ని మార్కులు వచ్చినా మొత్తం 40 దాటకూడదు. ప్రతి జవాబుకూ ఇద్దరు విడివిడిగా మార్కులు వేయాలి, ఏ అంశంలోనైనా తేడా 5 దాటితే కూర్చుని మాట్లాడుకుని ఒక అంకెకు రావాలి.

మొదటి జవాబు

ఖాతాదారు నవంబర్ 4న కిరాణా దుకాణంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి యూపీఐ ద్వారా 1,850 రూపాయలు కట్టారు. ఖాతాలోంచి డబ్బు పోయింది, దుకాణదారుకు చేరలేదు. మర్నాడు ఆయన రాసిన ఉత్తరంలో రెండు ప్రశ్నలున్నాయి: డబ్బు ఎప్పుడు తిరిగి వస్తుంది, ఈలోగా దుకాణదారుకు మళ్ళీ కట్టాలా. మనం పంపిన జవాబు ఇది:

«గౌరవనీయులైన ఖాతాదారు గారికి నమస్కారం. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. దయచేసి ఆందోళన చెందకండి. దయచేసి 24 గంటలు వేచి ఉండండి, మీ డబ్బు మీ ఖాతాకు జమ అవుతుంది. దయచేసి మాకు సహకరించండి. ధన్యవాదాలు.»

మర్యాద 21/25. సంబోధన, క్షమాపణ సక్రమంగా ఉన్నాయి. అయితే ఆయన పేరు గానీ, దుకాణం సంగతి గానీ, పోయిన మొత్తం గానీ ఎక్కడా లేవు. ఈ జవాబును ఏ ఫిర్యాదుకైనా పంపవచ్చు. మూడు సార్లు «దయచేసి» అన్నంత మాత్రాన ఆయన ఉత్తరం చదివినట్టు కాదు.

ఖచ్చితత్వం 14/45. విఫలమైన లావాదేవీల గడువులపై రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబర్ 20న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, యూపీఐలో ఒక వ్యక్తి నుంచి మరో వ్యక్తికి పంపిన డబ్బు చేరకపోతే లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఒక రోజులోగా వెనక్కి రావాలి. వ్యాపారికి చేసిన చెల్లింపు అయితే ఆ గడువు ఐదు రోజులు. జవాబు రాసినవారు మొదటి నియమాన్ని రెండో సందర్భానికి వాడారు. నిజానికి డబ్బు 8వ తేదీన, అంటే గడువులోపే జమ అయింది. కానీ 24 గంటలని మనమే చెప్పినందువల్ల ఆయన 6న ఒకసారి, 7న ఒకసారి ఫోన్ చేసి, మాట తప్పారని అడిగారు. అలా అడగడం పూర్తిగా న్యాయం.

సంపూర్ణత 10/30. మళ్ళీ కట్టాలా అన్న రెండో ప్రశ్నకు జవాబే లేదు. పన్నెండు అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబరు అడగలేదు, ఫిర్యాదు నంబరు ఇవ్వలేదు, ఐదు రోజులు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం వస్తుందని చెప్పలేదు.

కూడిక 45. ఖచ్చితత్వం 20 కంటే తక్కువ కనుక నమోదు చేసిన మొత్తం 40/100.

రెండో జవాబు

నవంబర్ 3న ఏటీఎంలో 5,000 రూపాయలు తీయబోతే నోట్లు రాలేదు, ఖాతాలో మాత్రం తగ్గాయి. ఖాతాదారు తొమ్మిది రోజులు ఎదురుచూసి 12న రాశారు. అదే రోజు వెళ్ళిన జవాబు:

«కంప్లైంట్ నమోదైంది. ఏటీఎం ఫెయిల్ అయితే ఐదు రోజుల్లో డబ్బు వస్తుంది. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు ఇస్తారు. వెయిట్ చేయండి.»

మర్యాద 12/25. పలకరింపు లేదు, చింతిస్తున్నామన్న మాట లేదు. తొమ్మిది రోజులు ఓపిక పట్టిన మనిషితో «వెయిట్ చేయండి» అనడం నొప్పించే మాట. «ఇస్తారు» అన్న క్రియ కూడా సరికాదు, ఎందుకంటే ఇవ్వవలసింది మనమే.

ఖచ్చితత్వం దగ్గర మా ఇద్దరికీ తేడా వచ్చింది. చెప్పిన ఐదు రోజులు, 100 రూపాయలు రెండూ సర్క్యులర్‌లో ఉన్నవే కాబట్టి నా సహోద్యోగి 44 వేశారు. నేను 33 వేశాను. నియమం సరైనదే, కానీ ఆ గడువు 8వ తేదీతోనే ముగిసింది. 12న రాసిన జవాబులో «ఐదు రోజుల్లో వస్తుంది» అని చదివిన ఖాతాదారు, ఇంకా ఐదు రోజులు ఆగాలనే అర్థం చేసుకుంటారు. వాక్యం పుస్తకంలో నిజమైతే చాలదు, చదివే మనిషి తేదీకి నిజం కావాలి. చర్చించి 36/45 దగ్గర ఒప్పుకున్నాం. నియమాన్ని సరిగ్గా గుర్తుపెట్టుకున్నందుకు మొదటి జవాబుతో ఒకే గాటన కట్టడం అన్యాయమన్న ఆయన వాదనను నేను అంగీకరించాను.

సంపూర్ణత 15/30. ఫిర్యాదు నమోదైందన్నారు గానీ నంబరు ఇవ్వలేదు. పరిహారాన్ని ఖాతాదారు అడగకపోయినా బ్యాంకే తనంతట తాను జమ చేయాలన్న నిబంధన చెప్పలేదు. ముప్పై రోజుల్లో పరిష్కారం కాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చన్న దారి చూపలేదు.

మొత్తం 63/100.

మూడో జవాబు

తెనాలికి చెందిన ఒక ఖాతాదారు నవంబర్ 6 రాత్రి తన కార్డు మీద తాను చేయని 12,000 రూపాయల కొనుగోలు గమనించి, మర్నాడు ఉదయమే రాశారు. జవాబు పొడవైనది, ముఖ్యభాగం మాత్రమే ఇస్తున్నాను:

«అమ్మా, మీరు ఓటీపీ ఎవరికైనా చెప్పారా? చెప్పకపోతే, మూడు పనిదినాల్లోపే మాకు తెలియజేశారు కాబట్టి ఈ నష్టం మీ మీద పడదు. మీ కార్డును ఇప్పుడే నిలిపివేశాం. పది రోజుల్లో ఆ మొత్తాన్ని మీ ఖాతాలో తాత్కాలికంగా జమ చేస్తాం, విచారణ 90 రోజుల్లో ముగుస్తుంది. వెంటనే 1930కి కూడా ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి.»

మర్యాద 23/25. ఓటీపీ గురించి అడగక తప్పదు, బాధ్యత ఎవరిదన్నది దానిమీదే ఆధారపడుతుంది. కానీ అదే మొదటి మాట కావడంతో తప్పు ఆమెదేనేమో అన్న ధ్వని వచ్చింది. కార్డు నిలిపివేశామన్న వాక్యం ముందుండి ఉంటే, ఆమె ఊపిరి పీల్చుకుని తర్వాతి ప్రశ్నకు జవాబిచ్చేవారు. ఈ ఒక్క మార్పు చాలు.

ఖచ్చితత్వం 41/45. ఖాతాదారు చేయని లావాదేవీల్లో నష్టం ఎవరిదన్న దానిపై 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్‌ను జవాబు రాసినవారు బాగా ఆకళింపు చేసుకున్నారు. «పది రోజులు» అన్నది మాత్రం పది పనిదినాలు. మధ్యలో ఆదివారాలు, రెండో శనివారం ఉన్నాయి కనుక ఆ ఒక్క పదం మూడు రోజుల తేడా తెస్తుంది.

సంపూర్ణత 28/30. ఫిర్యాదు నంబరు, తేదీ, సంప్రదించవలసిన శాఖ అన్నీ ఉన్నాయి. సైబర్ మోసాల ఫిర్యాదులకున్న 1930 లైను దొరకనప్పుడు cybercrime.gov.in లో ఫిర్యాదు చేయవచ్చని చేర్చవలసింది.

మొత్తం 92/100.

వెంటనే చేయవలసినవి

మూడో జవాబులో «పది రోజులు» అన్న చోట «పది పనిదినాలు» అని సవరిస్తూ ఆమెకు ఈరోజే ఇంకో సందేశం పంపాలి. మొదటి జవాబు రాసినవారితో యూపీఐ గడువుల పట్టికను నేనే స్వయంగా కూర్చుని చదివిస్తాను. రెండో ఖాతాదారుకు ఇప్పటికీ డబ్బు జమ కాలేదు. గడువు దాటి ఈరోజుకు ఐదు రోజులు, పరిహారం 500 రూపాయలు. ఆ మొత్తాన్ని, ఫిర్యాదు నంబరును, మన క్షమాపణను తెలుపుతూ ఆయనకు సాయంత్రం ఆరు గంటల్లోగా కొత్త జవాబు వెళ్ళాలి. పంపే ముందు ముసాయిదా నాకు చూపించాలి.